ఐదు వేళ్ళూ ఉన్నాయిగా

ఆస్పత్రిలో ఆమెను అందరూ కట్లక్క అనేవారు. డ్రెస్సింగ్ రూములో పాత కట్లు విప్పి, పుళ్ళు కడిగి, కొత్త కట్లు కట్టడం ఆమె పని. పందొమ్మిదో ఏట నేల తుడిచే పనికి చేరింది. తుడుస్తూ తుడుస్తూ గుమ్మం దగ్గర ఆగి చూసేది. అప్పట్లో ఆ గదిలో పనిచేసే ముసలి డ్రెస్సరు ఓ రోజు చీపురు పక్కన పెట్టించి, ఆమె చేతికి పట్టకారులాంటి ఫోర్సెప్స్ ఇచ్చాడు. అంటుకుపోయిన గాజుగుడ్డని లాగకూడదనీ, సెలైన్ నీళ్ళు పోసి అది తనంతట తాను వదిలేదాకా ఆగాలనీ ఆయనే నేర్పాడు. ఇంకో మాట కూడా రోజూ చెప్పేవాడు.

"చేతికి దెబ్బ తగిలి వస్తే గాయం వంక కాదమ్మా, ముందు వేళ్ళ కొసల వంక చూడు. రంగు చూడు, వెచ్చగా ఉందో లేదో చూడు, గోరు నొక్కి వదులు. తెల్లబడ్డ గోరు చటుక్కున మళ్ళీ ఎర్రబడాలి. ఎర్రబడకపోతే పరిగెత్తి డాక్టర్ని పిలువు."

ఇరవై రెండేళ్ళు ఆ మాట మీదే బతికింది. పండగ వస్తే టపాసులు కాల్చినవాళ్ళ సంబరం వీధుల్లో ఉంటే, కాలినవాళ్ళ వరస ఆమె గది ముందు ఉండేది. ఉంగరాలు కోసే చిన్న రంపపు చక్రం ఒకటి ఆమె సొరుగులో ఎప్పుడూ ఉండేది. దాంతో ఎన్ని పెళ్ళిళ్ళ గుర్తులు తెగ్గోసిందో లెక్కలేదని నర్సులు నవ్వేవారు.

ఇంట్లో మాత్రం ఆమెకి పేరు లేదు. భర్త బడి వ్యాను నడిపేవాడు. మెత్తని మనిషి, మెత్తదనం అంటే ఎవరేమన్నా నోరెత్తకపోవడం అనుకునే రకం. ఇల్లు నడిపేది అతని అన్న. ఆయన తాపీమేస్త్రి. ఊళ్ళో సగం మేడలకి ఆయన చేతి గోడలున్నాయి. ఇటుక మీద ఇటుక పేర్చి, తాపీ వెనకభాగంతో ఒక్క దెబ్బ కొడితే అది గీత గీసినట్టు కూర్చునేది. ఆ చెయ్యంటే ఆయనకి గర్వం. అరచేతి నిండా కాయలు కాసి, మేకు గుచ్చుకున్నా చొక్కాకి తుడుచుకుని పని చేసుకునేవాడు.

ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాదే మేస్త్రి పెరట్లో ఒక కుళాయి పెట్టి, దాని చుట్టూ నడుమెత్తు గోడ కట్టాడు.

"చీము తుడిచొచ్చిన చేతులు. అక్కడే కడుక్కుని, బట్టలు మార్చుకుని లోపలికి రమ్మను," అని తమ్ముడితో చెప్పాడు. ఆమె అక్కడే నిలబడి ఉంది.

ఆమె వండింది మేస్త్రి తినేవాడు కాదు. అత్తగారు ఆమె గ్లాసు వేరే గూట్లో పెట్టేది. తోటికోడలు, అంటే మేస్త్రి భార్య, మంచిదే గాని, ఆ గ్లాసు పొరపాటున కలిసిపోతే మళ్ళీ తోమేది. ఆమె నెల జీతం మాత్రం ఎవరూ కడుక్కోకుండానే అందుకునేవారు.

ఆ పండగ నాటి పొద్దున తొమ్మిది గంటలకి మేస్త్రి కొత్త లుంగీ కట్టుకుని వీధిలో నిలబడ్డాడు. ఆయన బాంబుల సరదా వీధికంతా తెలుసు. తాడు చుట్టిన లావుపాటి బాంబు ఒకటి వత్తి అంటుకుని, కాస్త బుసకొట్టి ఆరిపోయింది. అందరూ ఆగమన్నారు. ఆయన నవ్వి, వెళ్ళి దాన్ని కుడిచేత్తో తీసి, గుప్పెట్లో పట్టుకుని వత్తి మీద ఊదాడు.

ఆ చప్పుడుకి కట్లక్క పెరట్లోంచి పరిగెత్తుకొచ్చింది. పొగలో మేస్త్రి నిలబడే ఉన్నాడు. తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంటున్నాడు. అరచెయ్యంతా నల్లగా మాడింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం చీలి, లోపలి కండ కనిపిస్తోంది. రక్తం మణికట్టు మీదుగా కొత్త లుంగీ మీద కారుతోంది.

ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుని పెరట్లోకి నడిపించి, ఆయన కట్టిన గోడ పక్కనే కూర్చోబెట్టి, కుళాయి సన్నగా తిప్పి ఆ నీటి ధార కింద చెయ్యి పెట్టింది. మసి కొంత కొట్టుకుపోయింది. అప్పటికే వేళ్ళు ఉబ్బుతున్నాయి. ఉంగరపు వేలికి ఒక బంగారు ఉంగరం ఉంది, మొదటి మేడ పూర్తిచేసినప్పుడు ఇంటివాళ్ళు పెట్టింది. ఆమె వేలికి సబ్బు నురగ పూసి ఉంగరాన్ని మెల్లగా తిప్పుతూ కణుపు దాకా తెచ్చింది.

"ఉంగరం జోలికెందుకు?" మేస్త్రి చెయ్యి గుంజుకున్నాడు.

"వాపొస్తుంది బావగారూ. ఇంకో పావుగంట పోతే రాదు. వేలికి రక్తం ఆగిపోతుంది."

"నా ఉంగరం నా చేతికే ఉండనీ."

తోటికోడలు టూత్‌పేస్టు గొట్టం పట్టుకుని వచ్చింది. "చల్లగా ఉంటుంది, రాయి," అంది.

"వద్దక్కా. పేస్టు, పసుపు, సిరా, ఏదీ వద్దు. లోపల బాంబు మందు ఇరుక్కుంటుంది, డాక్టరు చూడ్డానికీ కుదరదు. ఉతికిన తుండుగుడ్డ ఒకటి పట్రా." ఆ గుడ్డని చీలిక మీద అదిమిపెట్టి, చేతిని గుండెకంటే ఎత్తులో పట్టుకుంది. రక్తం తగ్గింది. "ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళదాం. దారిలో ఏమీ తినొద్దు, తాగొద్దు. ఆపరేషన్ పడితే మత్తివ్వాలి."

ఆపరేషన్ అన్న మాటకి అత్తగారు అడ్డుపడింది. "పండగపూట అపశకునం మాటలు. నీకు ఎవణ్ణి చూసినా కొయ్యాలనే ఉంటుందా?"

మేస్త్రి వేళ్ళు ఒకసారి ఆడించి చూపించాడు. మొహం వంకర పోయినా నవ్వాడు. "ఐదు వేళ్ళూ ఉన్నాయిగా. దీనికి ఆస్పత్రెందుకు? కాంపౌండరు దగ్గర రెండు కుట్లు వేయించుకుంటే సరి."

వీధి చివర ఒక కాంపౌండరు క్లినిక్ పెట్టుకున్నాడు. జ్వరాలకి సూదులు వేస్తాడు. అతను చీలికని పైపైన తుడిచి, లోపల మసి, కాగితం ముక్కలు అలాగే ఉండగా బిగించి కుట్టాడు. ధనుర్వాతం సూదీ, నొప్పి సూదీ వేశాడు. రక్తం రాకుండా మణికట్టు దాకా గట్టిగా కట్టు చుట్టి, వేళ్ళ కొసలు మాత్రం బయటికి వదిలాడు. మేస్త్రి ఇంటికొచ్చి పండగ భోజనం చేసి పడుకున్నాడు. తల్లి ఆయన ఎడమపక్కన కూర్చుని ముద్దలు కలిపి నోట్లో పెట్టింది.

పన్నెండున్నరకి కట్లక్క డ్యూటీకి బయలుదేరుతుంటే లోపలిగదిలోంచి మూలుగు వినిపించింది. వేలు నలిగినా కిక్కురుమనని మనిషి గోడకి తల ఆనించి పళ్ళు నూరుతున్నాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి కట్టు బయటి వేళ్ళ వంక చూసింది. పాలిపోయి, పంజాలా ముడుచుకుని ఉన్నాయి. దగ్గరికెళ్ళి ముట్టుకుంది. చల్లగా ఉన్నాయి. చూపుడువేలి గోరు నొక్కి వదిలింది. తెల్లబడింది. మనసులో ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టింది. ఇంకా తెల్లగానే ఉంది.

"ముట్టుకుంటే తెలుస్తోందా?"

"తిమ్మిరెక్కింది. లోపల మాత్రం నిప్పులు పోసినట్టుంది. నొప్పి సూది పనిచెయ్యలా."

ఆమె మధ్యవేలి కొసని పట్టుకుని వెంట్రుకవాసి తిన్నగా చాపింది. మేస్త్రి కేక వీధి దాకా వినపడింది.

అత్తగారూ, తోటికోడలూ, భర్తా పరిగెత్తుకొచ్చారు. ఆమె వాళ్ళతో కాకుండా నేరుగా మేస్త్రితోనే చెప్పింది. "బావగారూ, మీకు అర్థమయ్యేట్టు చెప్తాను. చేతి లోపల కండలు గదుల్లో ఉన్నట్టుంటాయి. ఆ గదుల గోడలు సాగవు. లోపల రక్తం, వాపు నిండిపోతే, మధ్యలో ఉన్న నరాలూ రక్తనాళాలూ నలిగి చచ్చిపోతాయి. వేలు చాపితే ప్రాణం పోయినట్టుంది చూశారా, అదే గుర్తు. ఇప్పుడే ఆ కట్టు కోసి వదులు చెయ్యాలి, వెంటనే వెళ్ళి లోపలి ఒత్తిడి వదిలించుకోవాలి. గంటల మీద ఉంటుంది ఇది. సాయంత్రమైతే చెయ్యి దక్కదు."

ఆమె కత్తెర కోసం సంచీలో చెయ్యి పెట్టింది. మేస్త్రి ఎడమచేత్తో ఆమె చెంప మీద కొట్టాడు. అలవాటులేని చెయ్యి కాబట్టి దెబ్బ చెవి మీద పడింది.

"చీము తుడిచేదానివి, నాకు గోడల గురించి చెబుతావా?"

ఆమె భర్త వంక చూసింది. అతను నేల వంక చూస్తూ, "నువ్వు డ్యూటీకి వెళ్ళు. ఆలస్యమవుతోంది," అన్నాడు.

ఆమె వెళ్ళింది.

డ్రెస్సింగ్ రూము ముందు అప్పటికే పద్నాలుగు మంది ఉన్నారు. ఒక చెవిలో హోరు తగ్గకుండానే ఆమె పనిలో దిగింది. ఒక ముసలాయన తెగిపడిన వేలి ముక్కని నేరుగా ఐసు గడ్డల్లో పడేసి తెచ్చాడు. అలా పెడితే మంచుకి ముక్క మాడిపోతుందనీ, తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ సంచీలో కట్టి, ఆ సంచీని ఐసు నీళ్ళలో పెట్టాలనీ అతని కూతురికి చెబుతూనే ముక్కని తీసి సర్దింది. ఇద్దరికి ఉంగరాలు కోసింది. ఒక పిండిమర ఆయన అరచెయ్యి గట్టిగా బిగుసుకుని ఉంటే, గోరు నొక్కి చూసి, పరుగున వెళ్ళి చేతుల ఆపరేషన్లు చేసే డాక్టరమ్మని పిలుచుకొచ్చింది. అతన్ని పదినిమిషాల్లో ఆపరేషన్ థియేటరులోకి తీసుకెళ్ళారు.

గోడ గడియారం ఆమె ఎదురుగానే ఉంది. రెండయింది. డాక్టరమ్మ చెయ్యి తుడుచుకుంటూ పక్కనే నిలబడింది. ఒక్క మాట చెబితే చాలు, అంబులెన్సు వెళుతుంది. డాక్టరమ్మ స్వయంగా ఫోన్ చేసి నాలుగు తిడితే మేస్త్రి కదులుతాడు. పెద్ద చదువులవాళ్ళు చెబితే వినే మనిషే. కట్లక్క నోరు తెరిచింది.

"తర్వాతవాళ్ళని పంపనా అమ్మా?" అంది.

మూడయింది. నాలుగయింది. చెవి ఇంకా మండుతూనే ఉంది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

ఐదున్నరకి భర్త వ్యానులో మేస్త్రిని తెచ్చాడు. అప్పటికి మేస్త్రి మూలగడం మానేశాడు. నొప్పి తగ్గిందని అత్తగారు సంతోషంగా చెప్పింది. ఆ మాట వినగానే కట్లక్క డాక్టరమ్మ కోసం పరిగెత్తింది. నొప్పి తగ్గడం అంటే లోపల నరాలు చచ్చిపోవడమని ఆమెకి తెలుసు.

డాక్టరమ్మ కట్టు అడుగు పొర దాకా కోసేసి, చేతిని ఇక పైకెత్తకుండా గుండెకి సమానంగా పెట్టించింది. చెయ్యి చెక్క బొమ్మలా ఉంది. ఉంగరం కండలో మునిగిపోయింది. కట్లక్క సొరుగులోంచి చక్రం తీసి దాన్ని కోసింది. కింద వేలు ఊదారంగులో ఉంది.

"ఎప్పుడు పేలింది?"

"పొద్దున తొమ్మిదికి," అన్నాడు భర్త.

"వేళ్ళు ఎప్పటినుంచి చల్లబడ్డాయి?"

కట్లక్క చెప్పింది. "పన్నెండున్నరకి చల్లగా ఉన్నాయి. గోరు నొక్కితే రంగు రాలేదు. చాపితే అరిచారు."

డాక్టరమ్మ తలెత్తి ఆమె వంక చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత, "ఏమైనా తిన్నాడా?" అని అడిగింది. కడుపు నిండా తిన్నాడని తెలిసి మత్తు డాక్టరు గొణిగి, మనిషిని నిద్రపుచ్చకుండా చంక దగ్గర సూది వేసి చెయ్యి వరకే మొద్దుబార్చాడు. అందువల్ల మేస్త్రి మెలకువగానే ఉన్నాడు. తెర అవతల తన చేతి వెనకవైపూ, అరచేతివైపూ పొడుగ్గా కోస్తుంటే మాటలన్నీ విన్నాడు. "ఈ కండ బూడిదరంగుకి తిరిగింది. గిల్లితే కదలట్లేదు. ఇదీ పోయింది," అని డాక్టరమ్మ మామూలు గొంతుతో అంటోంది. కుట్ల లోపలినుంచి కాగితం, మసి, పిడికెడు తీశారు.

కోతలని కుట్టకుండా తెరిచే ఉంచారు. రెండురోజులకోసారి థియేటరుకి తీసుకెళ్ళి చచ్చిన కండ తీసేశారు. అయిదో రోజుకి చూపుడువేలూ మధ్యవేలూ నల్లబడి ఎండిపోయాయి. వాటిని తీసేశారు. ఉంగరపు వేలు, చిటికెనవేలు ముడుచుకుపోయి ఉండిపోయాయి. బొటనవేలు ఉంది గాని, దానికి ఆనడానికి ఎదురుగా వేలు లేదు. తాపీ పట్టే చెయ్యి కాదది.

వార్డులో, పది మంచాల మధ్య, అత్తగారు కోడలి కొంగు పట్టుకుంది. "ఇంట్లో ఇదంతా తెలిసినదానివి నువ్వొక్కదానివే కదే. వాడు మొండివాడు, వినడు. కాళ్ళు పట్టుకుని లాక్కెళ్ళలేకపోయావా? నీ కళ్ళు చల్లబడ్డాయా?"

భర్త మందుల చీటీ చదువుకుంటూ నిలబడ్డాడు.

ఆ వార్డుకి కట్లు కట్టే పని కట్లక్కదే. రోజూ ఆమే వచ్చి గుడ్డ తడిపి, వదిలేదాకా ఆగి, విప్పి, కడిగేది. వేగంగా లాగేసి ఉండొచ్చు, అలా చెయ్యలేదు. మేస్త్రి అవతలికి తిరిగి పడుకునేవాడు. మూడో వారంలో ఒక ఉదయం గోడ వంక చూస్తూనే అడిగాడు.

"ఆ రోజు ఇక్కడికొచ్చాక ఎవరికైనా చెప్పావా? నా సంగతి."

ఆమె చేతులు ఆగలేదు. "లేదు."

"డాక్టరమ్మ ఉందా ఇక్కడ?"

"ఉంది. పక్కనే ఉంది."

"నీ చోట నేనున్నా చెప్పేవాణ్ణి కాదులే," అన్నాడు మేస్త్రి. అందులో కోపం లేదు, క్షమాపణ లేదు. మర్నాటి నుంచి వేరేవాళ్ళని పంపమని నర్సుకి చెప్పాడు.

ఇంటికొచ్చాక మేస్త్రి అరుగు మీద కూర్చునేవాడు. కుడిచెయ్యి తుండుగుడ్డ కింద ఉండేది. పనివాళ్ళు మొదట్లో పలకరించడానికి వచ్చేవారు, తర్వాత వీధి మలుపులోంచే తప్పుకునేవారు. ఎవరైనా అడిగితే ఆయన చెప్పే మాట ఒకటే. "ఐదు వేళ్ళతో వెళ్ళాను. వాళ్ళు కోసి మూడిచ్చి పంపారు. వెళ్ళకపోతే నావి నాకుండేవి." వింటూ వింటూ వీధిలో సగంమంది అది నిజమే అనుకున్నారు. ఆస్పత్రి గేటు దాటితే చెయ్యి పోతుందని ఆడవాళ్ళు కుళాయి దగ్గర చెప్పుకున్నారు. కట్లక్క విని ఊరుకుంది. ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి ఊరుకోవడం అలవాటైన మనిషి.

మరుసటి ఏడు పండగనాడు ఎదురింటి ఇస్త్రీ ఆయన చేతిలో బాంబు పేలింది. అదే కథ. ఎడమ అరచెయ్యి చీలింది, వేళ్ళన్నీ ఉన్నాయి. కట్లక్క చెయ్యి కడిగి, ఉంగరం తీసి, గుడ్డ అదిమింది. కాసేపటికే అరచెయ్యి ఉబ్బి గట్టిపడుతోంది. వేలు కొంచెం చాపితే ఇస్త్రీ ఆయన చెవులు చిల్లులు పడేలా అరిచాడు. అతని భార్య ఆటో పిలవడానికి రెండడుగులు వేసి ఆగింది.

"కోసేస్తారేమో అక్కా. మేస్త్రిగారు చెప్పారు," అంది.

అరుగు మీదినుంచి మేస్త్రి గొంతు వినబడింది. "పంపకమ్మా. నా చెయ్యి చూడు."

కట్లక్క వీధి దాటి వెళ్ళింది. అరుగెక్కి బావగారి ఒళ్ళోంచి తుండుగుడ్డ లాగేసింది. ఆ మణికట్టు పట్టుకుని, వీధంతా చూసేట్టు పైకెత్తింది. ఆయన గుంజుకున్నాడు గాని, ఆ చేతిలో బలం లేదు.

"చూడండి. బాగా చూడండి. ఇది ఆస్పత్రికి వెళ్ళినందుకు పోయిన చెయ్యి కాదు. తొమ్మిదికి పేలితే ఐదున్నరకి తెచ్చిన చెయ్యి. మధ్యలో అన్నం తిని పడుకున్న చెయ్యి."

ముప్పై మంది చూశారు. పిల్లలు చూశారు. మేస్త్రి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కట్లక్క ఆ చెయ్యి వదిలేసి, ఇస్త్రీ ఆయన భార్య ఆటో పిలుచుకురాగానే ఎక్కింది. ఇద్దరూ ఇస్త్రీ ఆయన్ని రెండువైపులా పట్టుకుని కూర్చున్నారు. గంటన్నర తిరక్కుండా అతను థియేటరులో ఉన్నాడు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి ఆమె బట్టల పెట్టె పెరటి కుళాయి దగ్గర ఉంది. నలుగురిలో కొడుకు పరువు తీసినదానికి ఈ ఇంట్లో చోటు లేదని అత్తగారు చెప్పింది. భర్త వ్యానులో పెట్టె ఎక్కించాడు. తనూ వెళ్ళాలో వద్దో రెండు రోజులు తేల్చుకోలేక, మూడో రోజు వచ్చాడు. ఆస్పత్రి వెనక ఒక గది తీసుకున్నారు. మేస్త్రి ఆ తర్వాత అరుగు మీద కూర్చోలేదట. లోపలిగదిలోనే ఉంటున్నాడని తోటికోడలు ఒకసారి కూరగాయల బజారులో చెప్పి, చుట్టూ చూసుకుని వెళ్ళిపోయింది.

ఇస్త్రీ ఆయన చెయ్యి మానింది. మచ్చలు బాగా పడ్డాయి, చలికి పట్టేస్తుంది, కానీ వేళ్ళు మూసుకుంటున్నాయి. చివరి కట్టు విప్పించుకోవడానికి వచ్చిన రోజున, వేళ్ళు మడిచి తెరిచి చూసుకుంటూ అడిగాడు.

"మేస్త్రిగారికి కూడా ఇలాగే ముందే చెప్పి ఉంటారు కదక్కా?"

"చెప్పాను," అంది కట్లక్క. పాత గుడ్డని చెత్తబుట్టలో వేసింది. "రెండుసార్లు. ఇంట్లోనే."

బయట వరసలో ఎవరో దగ్గారు. ఆమె తర్వాతివాళ్ళని రమ్మంది.